కేఎస్ టెస్ట్, ఒకే శాంపిల్‌తో: ఆమదాలవలస బస్సు లెక్క మీద తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతుంటాను. ప్రాక్టికల్ రికార్డులు దిద్దే రోజుల్లో కోల్మోగొరోవ్–స్మిర్నోవ్ టెస్ట్ మీద ఏటా అవే ప్రశ్నలు, అవే తప్పులు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఉదాహరణ దాదాపు మొత్తం ఒక్కటే: కాంప్లెక్స్‌లో ఆమదాలవలస బస్సు కోసం నిలబడ్డ సమయం. ఈ అంకెలు బోర్డు మీద లెక్క చేయడానికి నేను వేసుకున్నవే, బస్సుల మీద ఫిర్యాదు కాదు.

ఈ టెస్ట్ అసలు దేన్ని పరీక్షిస్తుంది?

ఆమదాలవలస బస్సు 20 నిమిషాలకు ఒకటి కచ్చితంగా వస్తుందని ఒకాయన అన్నాడనుకుందాం. మనం టైము చూసుకోకుండా, ఎప్పుడు పడితే అప్పుడు కాంప్లెక్స్‌కి వెళ్తాం. ఆయన మాట నిజమైతే మనం ఎదురుచూసే సమయం 0 నుంచి 20 నిమిషాల మధ్య ఎంతైనా కావచ్చు, ఏ నిమిషానికీ ప్రత్యేకత లేదు. 5 నిమిషాల్లోపు బస్సు దొరికే అవకాశం 0.25, 10 నిమిషాల్లోపు 0.5, 15 నిమిషాల్లోపు 0.75. గ్రాఫ్ గీస్తే 0 దగ్గర మొదలై 20 దగ్గర 1కి చేరే సరళరేఖ వస్తుంది. ఇదే మన పరికల్పన, `F(x) = x/20`.

ఇక్కడ సగటు 10 నిమిషాలా కాదా అన్నది ప్రశ్న కాదు. సగటు సరిగ్గా 10 వచ్చినా, అందరూ 9 నుంచి 11 నిమిషాలే నిలబడి ఉంటే ఆయన మాట తప్పే. పంపిణీ మొత్తం ఆకారం ఆయన చెప్పినట్టుందా లేదా అన్నది చూస్తుంది ఈ టెస్ట్.

డేటాని గీతగా ఎలా మారుస్తాం?

మెట్ల గీతగా. పది మంది నిలబడ్డ సమయాలను ఫోన్ స్టాప్‌వాచ్‌తో తీసి, చిన్న నుంచి పెద్దకు పేర్చామనుకోండి (నిమిషాల్లో):

3.2, 6.8, 9.4, 11.0, 13.6, 14.4, 16.2, 17.0, 18.6, 19.4

ఎడమ నుంచి నడుచుకుంటూ వెళ్తే, 3.2 వచ్చేదాకా గీత సున్నా మీదే ఉంటుంది. 3.2 దగ్గర ఒక మెట్టు ఎక్కి 0.1కి వస్తుంది. తర్వాత 6.8 దాకా చదునుగా పోయి, అక్కడ 0.2కి ఎక్కుతుంది. పది మెట్లు ఎక్కేసరికి 1. ఏ సమయం దగ్గర చూసినా, "ఇంతలోపు బస్సెక్కినవాళ్లు పదిమందిలో ఎంతమంది" అన్నదే ఆ గీత ఎత్తు. పుస్తకాల్లో దీన్ని అనుభావిక విభాజన ప్రమేయం అంటారు. నేను మెట్ల గీత అనే అంటాను, పిల్లలకి అదే గుర్తుంటుంది.

ఇప్పుడు మెట్ల గీత ఒకటి, ఆయన చెప్పిన సరళరేఖ ఒకటి. రెంటి మధ్య నిలువుగా కొలిస్తే ఎక్కడ ఎక్కువ ఎడం ఉందో, ఆ ఎడమే `D`.

`D` లెక్క కట్టడంలో ఎక్కువమంది ఎక్కడ పొరబడతారు?

మెట్టు ఎక్కాక మాత్రమే కొలుస్తారు, ఎక్కకముందు కొలవరు. రికార్డుల్లో నేను ఎర్ర సిరా ఎక్కువగా పెట్టేది ఇక్కడే.

| సమయం | రేఖ ఎత్తు | మెట్టుకు ముందు | మెట్టు ఎక్కాక | ముందు ఎడం | తర్వాత ఎడం |
|---|---|---|---|---|---|
| 3.2 | 0.16 | 0.0 | 0.1 | 0.16 | 0.06 |
| 6.8 | 0.34 | 0.1 | 0.2 | 0.24 | 0.14 |
| 9.4 | 0.47 | 0.2 | 0.3 | 0.27 | 0.17 |
| 11.0 | 0.55 | 0.3 | 0.4 | 0.25 | 0.15 |
| 13.6 | 0.68 | 0.4 | 0.5 | 0.28 | 0.18 |
| 14.4 | 0.72 | 0.5 | 0.6 | 0.22 | 0.12 |
| 16.2 | 0.81 | 0.6 | 0.7 | 0.21 | 0.11 |
| 17.0 | 0.85 | 0.7 | 0.8 | 0.15 | 0.05 |
| 18.6 | 0.93 | 0.8 | 0.9 | 0.13 | 0.03 |
| 19.4 | 0.97 | 0.9 | 1.0 | 0.07 | 0.03 |

13.6 వరుస చూడండి. 13.6కి ఒక్క క్షణం ముందు ఆగి చూస్తే మెట్ల గీత ఇంకా 0.4 మీదే ఉంది. సరళరేఖ అప్పటికే 0.68కి చేరింది. ఎడం 0.28. ఆ క్షణం దాటగానే మెట్టు 0.5కి ఎక్కుతుంది, ఎడం 0.18కి తగ్గిపోతుంది. ఆఖరి గడి ఒక్కటే నింపినవాడికి `D = 0.18` వస్తుంది. అసలు జవాబు 0.28.

ఇలా ఎందుకంటే, రెండు మెట్ల మధ్య మన గీత చదునుగా ఉంటుంది, పరికల్పన రేఖ మాత్రం పైకి పోతూనే ఉంటుంది. కాబట్టి రేఖ పైన, మెట్లు కింద ఉన్నప్పుడు తర్వాతి మెట్టు ఎక్కబోయే ముందే ఎడం గరిష్ఠం. మెట్లు పైన ఉంటే అప్పుడే ఎక్కిన మెట్టు దగ్గర గరిష్ఠం. గరిష్ఠం ఏ వైపు వస్తుందో ముందే తెలియదు కాబట్టి రెండూ కట్టాలి. మొత్తం ఇరవై ఎడాలు, వాటిలో పెద్దది. మధ్యలో ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

0.28 అంటే చాలా తేడా కాదా? పరికల్పనను కొట్టెయ్యొచ్చా?

లేదు. పది పరిశీలనలకు 5 శాతం స్థాయిలో టేబుల్ విలువ 0.409. మనది 0.28, అంతకన్నా తక్కువ. పి-విలువ దాదాపు 0.35. ఆయన మాట నిజమై ఉన్నా, పదేసి మందిని తీసుకుంటూ పోతే మూడుసార్లకు ఒకసారి ఇంత ఎడమో, ఇంతకన్నా ఎక్కువో వస్తుందన్నమాట.

"ఏటి సార్, సగం మంది పావుగంట దగ్గరపడేదాకా నిలబడినా ఆయన పాసేనా?" అని ఒకసారి ఒక కుర్రాడు అడిగాడు. పాస్ అనకూడదు. పదిమందితో ఆయన్ని పట్టుకోలేకపోయాం, అంతే. పది అంకెలున్న శాంపిల్‌లో మెట్టు ఒక్కోటీ 0.1 ఎత్తు. అంత మోటు మెట్లతో సన్నని తేడాలు దొరకవు.

0.409 అంత పెద్దగా ఎందుకుంది?

ఇది మంచి ప్రశ్న, అడిగేవాళ్లు తక్కువ. "10 నిమిషాల్లోపు బస్సు దొరికింది ఎంతమందికి" అని ముందే ఒక్క చోటు నిర్ణయించుకుని అక్కడే కొలిస్తే, పదిమందితో 0.31 ఎడం వచ్చినా సందేహించొచ్చు. (ప్రామాణిక విచలనం 0.158, దానికి 1.96 రెట్లు.) కానీ మనం అలా చేయలేదు. 0 నుంచి 20 దాకా మొత్తం తిరిగి, ఎక్కడ ఎడం ఎక్కువుందో చూసి ఆ చోటే పట్టుకున్నాం. అలా వెతికి పట్టుకున్న ఎడం ఎప్పుడూ కాస్త పెద్దదిగానే కనిపిస్తుంది. ఆ వెతుకులాటకు కట్టే మూల్యమే 0.31కి, 0.409కి మధ్య తేడా. మూల్యం టేబుల్‌లోనే చేరి ఉంది కాబట్టి గరిష్ఠ ఎడాన్ని నిర్భయంగా వెతుక్కోవచ్చు.

ఇంకా ఎక్కువమందిని తీసుకుంటే?

టేబుల్ విలువ వర్గమూలం లెక్కన తగ్గుతుంది. 20 మందికి 0.294, 40 మందికి 0.210. ఇంకా పెద్ద శాంపిళ్లకు 1.36ని `n` వర్గమూలంతో భాగిస్తే చాలు. శాంపిల్ నాలుగు రెట్లయితే పట్టుకోగలిగే ఎడం సుమారు సగమవుతుంది.

మన లెక్కనే పొడిగిద్దాం. 40 మందిని తీసుకున్నాం, 13 నిమిషాల్లోపు బస్సు దొరికినవాళ్లు 17 మందే, పద్దెనిమిదో మనిషి సరిగ్గా 13.0 దగ్గర ఎక్కాడు. ఆ మెట్టుకు ముందు మెట్ల గీత 17/40, అంటే 0.425. రేఖ 0.65. ఎడం 0.225. ఇదే గరిష్ఠమైతే 0.210 దాటింది, పి-విలువ 0.03 దగ్గర. ఈసారి కొట్టేస్తాం. గమనించండి, ఎడం 0.28 నుంచి 0.225కి తగ్గింది, అయినా తీర్పు మారింది.

మెట్లు రేఖ కింద ఉన్నాయి కాబట్టి జనం చెప్పినదానికన్నా ఎక్కువసేపు నిలబడుతున్నారు. కారణం మాత్రం టెస్ట్ చెప్పదు. బస్సులు 20 నిమిషాలకన్నా ఎడంగా వస్తుండొచ్చు. లేదా బస్సులు సమయానికే వస్తున్నా, పల్లెల నుంచి వచ్చే ఏదో బస్సు రోజూ ఆమదాలవలస బస్సు వెళ్లిన రెండు నిమిషాలకే జనాన్ని దింపుతుండొచ్చు. అప్పుడు తప్పు "ఎప్పుడు పడితే అప్పుడు వస్తాం" అన్న మన ఊహది.

బస్సుకైనా, వర్షానికైనా, జీడిపప్పుకైనా ఒకే టేబుల్ ఎలా సరిపోతుంది?

నిలబడ్డ సమయం 13.6 అనే బదులు, "ఆయన లెక్క ప్రకారం 68 శాతం మంది ఈపాటికి ఎక్కేసి ఉండాలి" అని 0.68 రాయండి. ప్రతి విలువనూ ఇలా దాని `F` విలువగా మార్చండి. పరికల్పన నిజమైతే ఆ కొత్త అంకెలు 0, 1 మధ్య సమంగా పరుచుకోవాలి. మొదట ఉన్న పంపిణీ సరళరేఖైనా, గంట ఆకారమైనా ఇదే జరుగుతుంది. అడ్డంగా ఉన్న స్కేలును రబ్బరులా సాగదీసినట్టే ఇది, నిలువు ఎడాలు చెక్కుచెదరవు. కాబట్టి `D` కూడా మారదు, టేబుల్ కూడా ఒక్కటే చాలు.

ఈ సౌకర్యానికి రెండు షరతులున్నాయి. `F` ఎక్కడా గెంతకుండా నిరంతరంగా ఉండాలి. పైగా, డేటా చూడకముందే పూర్తిగా నిర్ణయమై ఉండాలి. మొదటిది చాలామందికి గుర్తుంటుంది. రెండోదే మర్చిపోతారు.

సగటు, ప్రామాణిక విచలనం నా డేటా నుంచే తీసి, నార్మల్‌తో పోల్చవచ్చా?

పోల్చవచ్చు కానీ ఈ టేబుల్‌తో కాదు. రికార్డుల్లో రెండో పెద్ద తప్పు ఇదే, మొదటిదానికన్నా ప్రమాదం కూడా. లెక్కలో ఎక్కడా తప్పు కనిపించదు మరి.

పలాస జీడిపప్పు తీసుకుందాం. 30 పలుకులు తూచి, బరువులు నార్మల్‌గా ఉన్నాయా అని చూడాలి. సగటు ఎంతో ముందు తెలియదు, అందుకని ఆ 30 బరువుల సగటే పెట్టారు, వాటి ప్రామాణిక విచలనమే పెట్టారు. `D = 0.18` వచ్చింది. మామూలు టేబుల్‌లో 30కి 0.242 ఉంది, పి-విలువ 0.26. "నార్మల్‌గానే ఉంది" అని రాసేస్తారు.

టైలర్ మీ కొలతలు తీసుకుని చొక్కా కుట్టి, తర్వాత "చూడండి, ఎంత బాగా సరిపోయిందో" అన్నట్టుంది ఇది. వంకర గీతను డేటాకు తగ్గట్టు మనమే జరిపి పెట్టాం కాబట్టి ఎడాలు మామూలుకన్నా చిన్నగా వస్తాయి. 0.242 అన్నది రెడీమేడ్ చొక్కాకు వేసిన హద్దు. కుట్టించిన చొక్కాకు హద్దు వేరే ఉండాలి. దాన్ని లిలీఫోర్స్ 1967లో నార్మల్‌కు ఇచ్చాడు, 1969లో ఘాతీయ పంపిణీకి ఇచ్చాడు. నార్మల్‌కు 30 దగ్గర ఆ హద్దు దాదాపు 0.16. మన 0.18 దాన్ని దాటేసింది. అదే డేటా, అదే `D`, తీర్పు తలకిందులైంది.

పాత టేబుల్‌నే వాడితే నిజమైన పొరపాటు రేటు అనుకున్న 5 శాతం కాదు, ఒక శాతం కూడా ఉండదు. జాగ్రత్తగా ఉన్నాం కదా అని సంతోషించకండి, నార్మల్ కానివాటిని పట్టుకునే శక్తి కూడా అంతే పడిపోతుంది. పి-విలువలు ఎప్పుడు చూసినా 0.8, 0.9 అని అనుమానం వచ్చేంత బాగుంటే ముందు ఇదే చూడండి.

బస్సు లెక్కలోనూ ఇదే తప్పు జరగొచ్చు. 20 అన్నది ఆయన చెప్పిన అంకె కాబట్టి సరిపోయింది. ఎవరూ చెప్పకపోతే, డేటాలో పెద్దదైన 19.4ని పై హద్దుగా పెట్టుకున్నామంటే అదీ కుట్టించిన చొక్కాయే.

జనాన్ని అడిగితే "పది నిమిషాలు, పావుగంట" అని చెబుతారు. అవి వాడుకోవచ్చా?

వాడితే రౌండు చేసినదాన్నే పట్టుకుంటారు, బస్సును కాదు. అందరూ దగ్గరి 5 నిమిషాలకు రౌండు చేసి చెబుతున్నారనుకోండి. ఆయన మాట అక్షరాలా నిజమైనా 5 కన్నా తక్కువ జవాబు ఒక్క సున్నాయే, అది చెప్పేది రెండున్నర నిమిషాల్లోపు ఎక్కినవాళ్లు, ఎనిమిదో వంతు. 5కి ఒక్క క్షణం ముందు మెట్ల గీత 0.125 దగ్గర ఉంటుంది, రేఖ 0.25 దగ్గర. 0.125 ఎడం ఊరికే వచ్చిపడింది. 200 మందిని అడిగితే టేబుల్ విలువ 0.096. ఇంకేముంది, బస్సుకు శిక్ష పడిపోతుంది.

గుర్తుపట్టడం తేలిక: పేర్చిన డేటాలో ఒకే అంకె మళ్లీ మళ్లీ వస్తుంది. నిరంతర పంపిణీలో అలా రాకూడదు. స్టాప్‌వాచ్‌తో సెకన్లలో తీస్తే ఈ గొడవే ఉండదు.

ఇద్దరు స్నేహితులు కలిసి వచ్చి, కలిసి ఎక్కారు. రెండు పరిశీలనలా?

ఒకటే. ఒకే బస్సు కోసం వేర్వేరుగా వచ్చిన ఇరవై మందివి కూడా ఇరవై స్వతంత్ర పరిశీలనలు కావు. ఆ బస్సు ఆలస్యమైతే అందరి సమయమూ కలిసే పెరుగుతుంది. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు బస్సుల దగ్గర తీయండి.

ఒకాయన 23 నిమిషాలు నిలబడ్డాడు. టెస్ట్ పట్టుకుంటుందా?

పట్టుకోదు! మన పదిలో 19.4ని తీసేసి 23 పెట్టి చూడండి. అక్కడ రేఖ ఎత్తు 1, మెట్టుకు ముందు 0.9, ఎడం 0.1. `D` అదే 0.28. పి-విలువా అదే. కానీ 20 నిమిషాలకో బస్సు కచ్చితంగా వస్తే 23 నిమిషాలు నిలబడటం అసాధ్యం. ఆ ఒక్క మనిషి చాలు, ఆయన మాట తప్పని తేలడానికి, ఏ టెస్టూ అక్కర్లేదు.

కొసల దగ్గర ఈ టెస్ట్‌కు చూపు మందం. రేఖ, మెట్లు రెండూ 0 దగ్గర మొదలై 1 దగ్గర ముగియాల్సిందే కాబట్టి కొసల్లో పెద్ద ఎడానికి చోటే లేదు, ఎడాలన్నీ మధ్యలోనే పెరుగుతాయి. అరుదైన భారీ వర్షాల్లాంటి కొసల సంగతే మీకు ముఖ్యమైతే ఆండర్సన్–డార్లింగ్ టెస్ట్ వాడండి, అది కొసల ఎడాలకు ఎక్కువ తూకం ఇస్తుంది. ఏది వాడినా ముందు డేటాను కళ్లతో ఒకసారి చూడండి.

పేరులో ఇద్దరెందుకు?

ఒక శాంపిల్ `D` పంపిణీని 1933లో కోల్మోగొరోవ్ ఇటలీ అక్చువరీల పత్రికలో ఇచ్చాడు. స్మిర్నోవ్ 1939లో రెండు శాంపిళ్ల సంగతి తేల్చాడు, 1948లో టేబుల్ ఇచ్చాడు. మనం ఇక్కడ చేసింది నిజానికి కోల్మోగొరోవ్ టెస్టే.

కంప్యూటర్‌లో ఎలా?

```python
from scipy.stats import kstest
x = [3.2, 6.8, 9.4, 11.0, 13.6,
     14.4, 16.2, 17.0, 18.6, 19.4]
print(kstest(x, "uniform", args=(0, 20)))
```

`D` 0.28 వస్తే సరిగ్గా చేసినట్టే. `args` మర్చిపోతే పైథాన్ 0 నుంచి 1 వరకు ఉన్న పంపిణీతో పోలుస్తుంది, `D` సరిగ్గా 1 వస్తుంది. అలా వస్తే టెన్షన్ పడకండి, డేటాకేం కాలేదు. ఇంకో తిరకాసు: `args`లో రెండో అంకె పై హద్దు కాదు, వెడల్పు. 5 నుంచి 20 వరకు కావాలంటే `args=(5, 15)` రాయాలి.

ఆర్‌లో `ks.test(x, "punif", 0, 20)`. ఇక్కడ రెండో అంకె మామూలు పై హద్దే. ఒకే విలువ రెండుసార్లుంటే `ties should not be present` అని హెచ్చరిక వస్తుంది. దాన్ని దాచేయకండి, రౌండు చేసిన డేటా అని అది మీకు చెబుతోంది. జీడిపప్పు లాంటి లెక్కకు పైథాన్‌లో `statsmodels` లోని `lilliefors`, ఆర్‌లో `nortest` ప్యాకేజీలోని `lillie.test` ఉన్నాయి.

కై-వర్గ పరీక్షతో సరిపోదా?

దానికి డేటాను గడులుగా విడగొట్టాలి, గడికి అంచనా 5 అయినా ఉండాలని పాఠం. పదిమందితో రెండు గడులకు మించి రావు. మీ డేటా నిరంతరమైనదైతే కేఎస్ వాడండి. ఊరి పేర్లు, గ్రేడ్ల లాంటి వర్గాలైతే కై-వర్గమే.

రికార్డులో ముగింపు వాక్యం ఎలా రాయాలి?

"బస్సు 20 నిమిషాలకొకసారి వస్తుందని రుజువైంది" అని రాస్తే కొట్టేస్తాను. ఇలా రాయండి: "`n = 10`, `D = 0.28`, గరిష్ఠ ఎడం 13.6 నిమిషాలకు ముందు, మెట్ల గీత రేఖకు కింద. 5 శాతం స్థాయి టేబుల్ విలువ 0.409. ఎదురుచూసే సమయం 0–20 మధ్య సమంగా ఉందన్న పరికల్పనను ఈ డేటాతో తిరస్కరించలేం. 20 అన్న హద్దు డేటా నుంచి తీసినది కాదు." ఆ చివరి వాక్యం రాసినవాళ్లకు నేను మార్కు తగ్గించలేదు ఇంతవరకూ.